రంగులెన్నైనా.. రివ్యూలు ఒక్కచోటే!

ఆన్‌లైన్‌లో దుస్తులు అమ్మే చిన్న వ్యాపారులకు తరచూ ఎదురయ్యే సమస్య ఒకటుంది. సరకు బాగుంటుంది, కొన్నవారు మంచి అభిప్రాయాలే రాస్తారు. అయినా కొత్తగా వచ్చిన కొనుగోలుదారుకు అవి కనిపించవు. ఒకే కుర్తీని రంగుకో పేజీ, సైజుకో పేజీ చొప్పున విడివిడిగా పెట్టడమే ఇందుకు కారణం. ఈ పేజీలన్నింటినీ ఒకే మూల ఉత్పత్తి కిందికి తెస్తే ఏ రంగుకు వచ్చిన రివ్యూ అయినా అన్ని రంగుల వద్దా కనిపిస్తుంది. అమెజాన్‌లో ఇది ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

ఇరవై పేజీలు.. అరవై రివ్యూలు

ఉదాహరణకు మంగళగిరి నూలు వస్త్రంతో కుర్తీలు కుట్టించి అమ్మే ఒక వ్యాపారిని తీసుకుందాం. ఆయన వద్ద మెరూన్‌, ఆకుపచ్చ, పసుపు, నీలిమందు రంగుల్లో ఒకే నమూనా కుర్తీ ఉంది. ఒక్కో రంగులో అయిదు సైజులు. మొత్తం 20 రకాలు కాబట్టి 20 పేజీలు తెరిచారు. రెండేళ్లలో 60 రివ్యూలు వచ్చాయనుకుందాం. సగటున పేజీకి మూడే పడతాయి. బాగా అమ్ముడయ్యే మెరూన్‌ మీడియం సైజుకు 14 ఉండవచ్చు, కొన్ని పేజీలకు ఒక్కటీ ఉండదు. పసుపు రంగు పేజీ తెరిచిన వినియోగదారుకు ఆ సరకును ఎవరూ కొననట్లే కనిపిస్తుంది.

పేరెంట్‌, చైల్డ్‌ అంటే..

ఈ విధానంలో రెండు అంచెలుంటాయి. పైన ఉండేది పేరెంట్‌. ఇది కేవలం గొడుగు వంటిది. దీన్ని ఎవరూ కొనలేరు. దీనికి ధర, స్టాకు ఉండవు. దాని కింద ఉండేవి చైల్డ్‌లు. మన ఉదాహరణలో ఇవి 20. ధర, స్టాకు, ఫొటో దేనికది వేరుగా ఉంటాయి. వినియోగదారుకు మాత్రం ఒకే పేజీలో రంగుల బొమ్మలు, సైజుల గడులు కనిపిస్తాయి.

సెల్లర్‌ ఖాతా నుంచి ఆ వర్గానికి సంబంధించిన ఎక్సెల్‌ పట్టికను దింపుకొని నింపాలి. అందులో ముఖ్యమైన గడులు ఇలా ఉంటాయి.

```
SKU          Parentage Level  Parent SKU  Variation Theme  Colour  Size
KURTI        Parent                       SIZE/COLOR
KURTI-MRN-M  Child            KURTI       SIZE/COLOR       Maroon  M
KURTI-IND-L  Child            KURTI       SIZE/COLOR       Indigo  L
```

మొదటి వరుస పేరెంట్‌ది. అక్కడ రంగు, సైజు గడులు ఖాళీగా వదలాలి. తక్కిన ప్రతి వరుసలోనూ పేరెంట్‌ కోడ్‌ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఏ తేడాల ఆధారంగా రకాలు విడిపోతున్నాయో తెలిపే గడి `Variation Theme`. ఇందులో మనకు తోచింది రాయకూడదు. ఆ వర్గానికి పట్టికలో ఇచ్చిన విలువల నుంచే ఎంచుకోవాలి. బ్రాండు పేరు కూడా పేరెంట్‌లో, చైల్డ్‌లలో ఒక్కటిగానే ఉండాలి. ఎక్కించిన తరువాత మార్పు పేజీపై కనిపించడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

పాత కోడ్‌లు వదలొద్దు

ఇక్కడే చాలామంది నష్టపోతారు. పాత పేజీలను తొలగించి, కొత్త కోడ్‌లతో కుటుంబమంతా మళ్లీ సృష్టిస్తారు. రివ్యూలు అంటిపెట్టుకొని ఉండేది పేరెంట్‌కు కాదు, చైల్డ్‌కు కేటాయించిన ఏఎస్‌ఐఎన్‌ సంఖ్యకు. పాత సంఖ్య పోతే దానితోపాటు రెండేళ్ల రివ్యూలూ పోతాయి. కాబట్టి కొత్తగా సృష్టించాల్సింది పేరెంట్‌ ఒక్కటే. చైల్డ్‌ వరుసల్లో ఇదివరకే ఉన్న ఎస్‌కేయూ కోడ్‌లనే వాడి, వాటిని పేరెంట్‌కు జత చేయాలి. ఎప్పుడైనా పేరెంట్‌ను తొలగించి మళ్లీ కట్టాల్సి వచ్చినా, చైల్డ్‌లు పదిలంగా ఉంటే వాటి రివ్యూలు వాటితోనే ఉంటాయి.

జత కుదరకపోతే గుర్తుపట్టడం తేలికే. ఒక రంగు పేజీ తెరిచినప్పుడు పక్కన మిగతా రంగుల బొమ్మలు లేకుండా అది ఒంటరిగా కనిపిస్తే ఆ చైల్డ్‌ బయటే ఉండిపోయినట్లు. రంగు లేదా సైజు గడి ఖాళీగా ఉండటం, బ్రాండు పేరులో తేడా ఉండటం ఇందుకు సాధారణ కారణాలు. ఒక వరుసలో `XL` అని, మరో వరుసలో `Extra Large` అని రాస్తే ఒకే సైజుకు రెండు గడులు పుట్టుకొస్తాయి.

మంచితోపాటు చెడూ పంచుకోవాల్సిందే

రివ్యూలు కలిస్తే లాభం ఒక్కటే రాదు. మన ఉదాహరణలోనే మెరూన్‌, ఆకుపచ్చ, పసుపు కుర్తీలకు కలిపి 54 రివ్యూలు, సగటున 4.5 నక్షత్రాలు ఉన్నాయనుకుందాం. నీలిమందు కుర్తీ ఉతికినప్పుడు రంగు వదలడంతో దానికి వచ్చిన ఆరు రివ్యూల సగటు 1.5 మాత్రమే. అన్నీ కలిపి లెక్కిస్తే సగటు 4.2కు పడిపోతుంది. అమెజాన్‌ రేటింగును ఇలా నేరుగా సగటు తీసి చూపదు, ఇతర అంశాలనూ లెక్కలోకి తీసుకుంటుంది. అయినా ఒక్క రంగులోని లోపం అన్ని రంగుల అమ్మకాలపైనా పడుతుందన్నది మాత్రం నిజం.

ఇటువంటప్పుడు రివ్యూ పైభాగాన్ని చూడాలి. కొన్నవారు తీసుకున్న రంగు, సైజు అక్కడ ఉంటాయి. ఫిర్యాదులన్నీ ఒకే రంగు వద్ద పోగైతే లోపం అద్దకంలో ఉన్నట్లు. ఆ విడత సరకు అమ్మకం ఆపి, అద్దకం సరిచూసుకోవాలి. ‘బిగుతుగా ఉంది’ అన్న మాట అన్ని రంగుల్లోనూ ఒకే సైజుకు వస్తుంటే కొలతల పట్టికను సవరించాలి. విడివిడి పేజీల్లో ఒకటీ అరగా చెదిరి ఉన్నప్పుడు ఈ తేడా బయటపడదు.

ఏది కలపకూడదు?

రంగు, సైజు మారినా వస్తువు అదే అయితేనే కలపాలి. నూలు కుర్తీ కింద పట్టు కుర్తీని గానీ, చీరను గానీ చేర్చడం నిబంధనలకు విరుద్ధం. పాత నమూనాకు వచ్చిన రివ్యూలను కొత్త నమూనాకు అంటగట్టడమూ అంతే. కొనేవారు చదివేది ఒక వస్తువు గురించి, ఇంటికి వచ్చేది మరొకటి అవుతుంది. ఇలా చేసినట్లు తేలితే అమెజాన్‌ ఆ కుటుంబాన్ని విడగొట్టవచ్చు, విక్రయ హక్కులనూ నిలిపివేయవచ్చు.

అమెరికాలో ఇది జరిమానా వరకు వెళ్లింది. విటమిన్‌ మాత్రల సంస్థ ‘ది బౌంటిఫుల్‌ కంపెనీ’ తన కొత్త ఉత్పత్తులను, అప్పటికే పేరున్న వేరే ఉత్పత్తులతో అమెజాన్‌లో రకాలుగా కలిపి, వాటి రివ్యూలు, రేటింగులు కొత్తవాటికీ కనిపించేలా చేసిందని అక్కడి ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ 2023లో అభియోగం మోపింది. ఆ సంస్థ 6 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

కలపాలా వద్దా అన్న సందేహం వస్తే ఒక పరీక్ష ఉంది. మెరూన్‌ కుర్తీ గురించి రాసిన రివ్యూలో రంగు పేరు తీసేసి చదవాలి. వస్త్రం, కుట్టు, కొలతల గురించి అందులో చెప్పిన మాటలు పసుపు కుర్తీకీ వర్తిస్తే రెండింటినీ కలపవచ్చు. వర్తించకపోతే ఆ సరకుకు వేరే పేజీ తెరవాల్సిందే.