'ని' వస్తే అఫెక్ట్, 'మీద' వస్తే ఎఫెక్ట్

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం ఇంగ్లీషు నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "చూడు బాబాయ్, ఒక్క వ్యాసంలో నాలుగు చోట్ల ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. పక్కన స్పెల్లింగ్ అని రాశారు. డిక్షనరీ తీసి చూస్తే నేను రాసిన స్పెల్లింగే ఉంది!"

నోట్‌బుక్ తీసుకుని చూశాను. 2014 అక్టోబరు 12న విశాఖను ఊపేసిన హుద్‌హుద్ తుపాను మీద వ్యాసం. చుట్టిన నాలుగు చోట్లా ఉన్నది ఒకటే జంట: అఫెక్ట్, ఎఫెక్ట్. ఒకటి ఉండాల్సిన చోట మరొకటి ఉంది. పిల్ల చెప్పిందీ నిజమే, రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే. అందుకే కంప్యూటర్‌లో టైపు చేసినా స్పెల్ చెకర్ చాలాసార్లు కిమ్మనదు. మాట తప్పు కాదు, ఆ మాట కూర్చున్న చోటు తప్పు. కాబట్టి ఇది స్పెల్లింగ్ సంగతి కాదు, వ్యాకరణం సంగతి.

ముందుకు వెళ్లే ముందు ఒక ఒప్పందం. ఈ వ్యాసంలో 'అఫెక్ట్' అని రాస్తే యాపిల్‌కి మొదట వచ్చే అక్షరంతో మొదలయ్యే మాట అనుకోండి. 'ఎఫెక్ట్' అని రాస్తే ఎగ్‌కి మొదట వచ్చే అక్షరంతో మొదలయ్యే మాట. తేడా ఆ ఒక్క అక్షరంలోనే.

చెవిని నమ్ముకుంటే ఈ తేడా దొరకదు. ఇంగ్లీషువాళ్లు ఈ రెండు మాటలనూ రెండో భాగం మీద ఊనిక పెట్టి పలుకుతారు. మొదటి అచ్చు సగం మింగేసినట్టు వస్తుంది. అందుకే ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకునే వాళ్లు కూడా రాసేటప్పుడు ఇక్కడ తడబడతారు. మనకు దీనికి తోడు ఇంకో చిక్కుంది. తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాట ఒక్కటే, ఎఫెక్ట్. "తుపాను ఎఫెక్ట్ గట్టిగా ఉంది" అంటాం. "చదువు ఎఫెక్ట్ అయింది" అంటాం. "పంటను ఎఫెక్ట్ చేసింది" అనీ అంటాం. మొదటి వాక్యంలో అది నామవాచకం. మిగతా రెండింటిలో అసలు పని చేస్తున్నది 'అయింది', 'చేసింది' అనే తోకలు. పరాయి మాట ఏదైనా సరే, దానికి తోక తగిలించి క్రియగా వాడుకోవడం మనకు అలవాటు. మాట మారదు, తోక మారుతుంది. ఇంగ్లీషు ఇక్కడ తోక తగిలించదు, మాటనే మార్చేస్తుంది. నామవాచకానికి ఎఫెక్ట్, క్రియకు అఫెక్ట్.

తెలుగులో అనుకుని చూడు

"అయితే ఏది ఎప్పుడు రాయాలో ఎలా తెలుస్తుంది?" అంది మా అమ్మాయి.

నోట్‌బుక్ మూసి, ఆ వాక్యాలు తెలుగులో చెప్పమన్నాను. తుపాను విశాఖను దెబ్బతీసింది. చెట్ల మీద దాని ప్రభావం బాగా పడింది. ఈ రెండూ గడగడా చెప్పింది. ఆ రెండు వాక్యాల్లోనే కిటుకు దాగి ఉంది. మొదటిదాంట్లో 'విశాఖను' అని ద్వితీయా విభక్తి వచ్చింది. పని నేరుగా దాన్ని తాకింది. రెండోదాంట్లో 'చెట్ల మీద' వచ్చింది, 'ప్రభావం' అనే నామవాచకం విడిగా నిలబడింది. 'ని' గాని 'ను' గాని వచ్చి, దెబ్బతీసింది, ప్రభావితం చేసింది, మార్చింది అనే క్రియ కుదిరితే అది అఫెక్ట్. 'మీద' వచ్చి, 'ప్రభావం' అనే మాట పెట్టగలిగితే అది ఎఫెక్ట్. ఇంగ్లీషులోనూ అదే వరస. అఫెక్ట్ తర్వాత నేరుగా వస్తువు పేరు వస్తుంది, మధ్యలో ఆన్ ఉండదు. ఎఫెక్ట్ తర్వాత ఆ వస్తువు పేరు చెప్పాలంటే ఆన్ కావాలి.

ఇప్పుడు చుట్టిన నాలుగు వాక్యాలూ ఒక్కొక్కటిగా తీశాం.

మొదటిది: 'ది సైక్లోన్ ఎఫెక్టెడ్ విశాఖపట్నం'. విశాఖను దెబ్బతీసింది, అంటే 'ను'. మాటకు చివర భూతకాలం చెప్పే 'ఎడ్' కూడా ఉంది. ఇక్కడ రావలసింది అఫెక్టెడ్.

రెండోది: 'ఇట్ షోడ్ ఎ బిగ్ అఫెక్ట్ ఆన్ ట్రీస్'. చెట్ల మీద పెద్ద ప్రభావం, అంటే 'మీద'. ముందు 'ఎ బిగ్' అని ఉంది. ఎ, ది లాంటి ఆర్టికల్ గాని, బిగ్ లాంటి విశేషణం గాని ముందు వచ్చిందంటే తర్వాతిది నామవాచకమే. కాబట్టి ఎఫెక్ట్. ఈ వాక్యంలో ఎర్ర సిరా పడని తప్పు ఇంకొకటి ఉంది. 'ప్రభావం చూపింది' అనే తెలుగు పలుకుబడిని అలాగే ఎత్తుకొచ్చి 'షోడ్' అని రాసింది. ఇంగ్లీషులో ఎఫెక్ట్‌కు జోడీ 'హ్యావ్'. 'ఇట్ హ్యాడ్ ఎ బిగ్ ఎఫెక్ట్ ఆన్ ట్రీస్' అనాలి.

మూడోది: 'ది అఫెక్ట్స్ ఆఫ్ ది సైక్లోన్ వర్ సీన్ ఫర్ మెనీ డేస్'. ఇక్కడ 'ని' లేదు, 'మీద' కూడా లేదు. తుపాను ప్రభావాలు చాలా రోజులు కనిపించాయి అని అర్థం. ముందు 'ది', వెనక 'ఆఫ్'. ఆ రెంటి మధ్య నిలబడేది నామవాచకమే, కాబట్టి ఎఫెక్ట్స్. చివర ఉన్న 'ఎస్' చూసి మోసపోకూడదు. నామవాచకానికి 'ఎస్' చేరితే బహువచనం. క్రియకు చేరితే 'హి ఈట్స్'లో ఉన్నట్టు ఏకవచన కర్తకు గుర్తు. 'పొల్యూషన్ అఫెక్ట్స్ హెల్త్' అన్నప్పుడు ఉన్నది ఈ రెండో 'ఎస్'. అంటే 'ఎస్' ఉందా లేదా అన్నది పరీక్షకు పనికిరాదు. 'ఎడ్' మాత్రం పనికొస్తుంది. వాక్యంలోకి 'నిన్న' తెచ్చి చూడండి. పొల్యూషన్ వాక్యంలో ఆ మాట అఫెక్టెడ్ అయిపోతుంది, అంటే క్రియ. తుపాను వాక్యంలో 'ది ఎఫెక్ట్స్' అలాగే ఉంటుంది, మారేది దాని పక్కనున్న క్రియే.

నాలుగోది: 'పవర్ కట్స్ ఎఫెక్ట్ ఆన్ అవర్ స్టడీస్'. మన పిల్లల వ్యాసాల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. 'చదువుల మీద ఎఫెక్ట్ చేస్తాయి' అని ఇంట్లో అనే మాటే నేరుగా ఇంగ్లీషులోకి దూకింది. తెలుగులో 'మీద', 'చేస్తాయి' రెండూ ఒకే వాక్యంలో ఇముడుతాయి. ఇంగ్లీషులో ఇమడవు. రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి. 'పవర్ కట్స్ అఫెక్ట్ అవర్ స్టడీస్' అంటే ఆన్ తీసేయాలి. 'పవర్ కట్స్ హ్యావ్ ఎన్ ఎఫెక్ట్ ఆన్ అవర్ స్టడీస్' అంటే హ్యావ్ పెట్టాలి. సగం ఇది, సగం అది కుదరదు.

ఇంకా అనుమానంగా ఉంటే ఆ చోట 'రిజల్ట్' పెట్టి చూడమన్నాను. 'ది రిజల్ట్స్ ఆఫ్ ది సైక్లోన్' అంటే వాక్యం నిలబడుతుంది, కాబట్టి అక్కడ ఎఫెక్ట్. 'ది సైక్లోన్ రిజల్టెడ్ విశాఖపట్నం' అంటే కూలిపోతుంది, కాబట్టి అక్కడ అఫెక్ట్. కొందరు 'ఇన్‌ఫ్లుయెన్స్', 'ఇంపాక్ట్' పెట్టి చూడమంటారు. అవి తూకానికి పనికిరాని రాళ్లు. ఆ రెండూ క్రియగానూ నడుస్తాయి, నామవాచకంగానూ నడుస్తాయి. కాబట్టి ఎక్కడ పెట్టినా సరిపోయినట్టే ఉంటాయి.

నియమం తప్పే చోటు

మర్నాడు పొద్దున్నే పిల్ల ఇంగ్లీషు పేపరు పట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "బాబాయ్, పేపర్లోనే తప్పు! పోలీసులు అరెస్టులు ఎఫెక్టెడ్ అని రాశారు. 'ఎడ్' ఉంటే అఫెక్టెడ్ కదా?"

తప్పు కాదు. ఎఫెక్ట్‌కు క్రియగా కూడా ఒక ఉపయోగం ఉంది. కాకపోతే దాని అర్థం వేరు. దెబ్బతీయడం, ప్రభావితం చేయడం కాదు, లేనిదాన్ని జరిపించడం, అమలులోకి తేవడం. మన దేశపు పేపర్లలో, ఆఫీసు ఉత్తర్వుల్లో అరెస్టులు, బదిలీలు, మార్పులు 'ఎఫెక్ట్' అవుతుంటాయి. ఒకే మాట పక్కన రెండింటినీ పెడితే తేడా కళ్లకు కడుతుంది. తుపాను సహాయక చర్యలను 'అఫెక్ట్' చేసిందంటే వాటికి అడ్డం పడిందని. నౌకాదళం సహాయక చర్యలను 'ఎఫెక్ట్' చేసిందంటే వాటిని జరిపి చూపించిందని. ఒక్క అక్షరం మారితే అడ్డుపడినవాడు ఆదుకున్నవాడైపోతాడు. ఇక్కడ 'ని', 'మీద' పరీక్ష సాయం చేయదు, రెండు చోట్లా 'ని'యే వస్తుంది. అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ వస్తువు ముందే ఉందా, ఈ పనితోనే పుట్టిందా? ముందే ఉంటే అఫెక్ట్, ఈ పనితోనే పుడితే ఎఫెక్ట్. బడి వ్యాసంలో ఈ అవసరం అరుదు. పరీక్షలో 'బ్రింగ్ ఎబౌట్' అని రాసేస్తే గొడవే ఉండదు.

అటువైపు అఫెక్ట్ కూడా ఒక చోట నామవాచకం అవుతుంది. మానసిక వైద్యులు రోగి ముఖంలో, గొంతులో కనిపించే భావాన్ని ఆ మాటతో చెబుతారు. అప్పుడు ఊనిక మొదటి భాగం మీదికి వస్తుంది. బడి పుస్తకాల్లో ఇది ఎదురయ్యే అవకాశం తక్కువ.

"అసలు ఇంత దగ్గరగా ఎందుకు పుట్టాయి ఇవి?" అని అడిగింది.

ఒకే తల్లి బిడ్డలు కాబట్టి. రెంటి మూలం లాటిన్‌లో 'చేయు' అని అర్థమిచ్చే 'ఫాకెరె' అనే ధాతువు. దానికి ముందు 'వైపు' అని చెప్పే 'అద్' చేరితే అఫెక్ట్ వంశం. 'బయటికి' అని చెప్పే 'ఎక్స్' చేరితే ఎఫెక్ట్ వంశం. ఉత్, లాసం కలిసి ఉల్లాసం అయినప్పుడు 'త' కాస్తా 'ల'గా మారిపోయినట్టు, అక్కడ కూడా ఉపసర్గ చివరి హల్లు పక్కనున్న 'ఎఫ్'లో కలిసిపోయింది. రెండు మాటల్లోనూ 'ఎఫ్' రెండుసార్లు రావడానికి కారణం అదే. ఒకదాని వైపు వెళ్లి తాకడం అఫెక్ట్. చేసిన పనిలోంచి బయటికి వచ్చింది ఎఫెక్ట్. తాకడం ముందు, ఫలితం తర్వాత. ఇంగ్లీషు అక్షరమాలలోనూ యాపిల్ అక్షరం ముందు, ఎగ్ అక్షరం తర్వాత.

అంతా విని నోట్‌బుక్ తీసుకుని లేచింది. నాలుగు చోట్లా దిద్దుకుంది. మూయబోతూ ఆగి, మొదటి పేజీ తిప్పింది. అక్కడ స్కెచ్ పెన్నుతో, రంగురంగుల పెద్ద అక్షరాలతో వ్యాసం పేరు రాసి ఉంది: 'ది అఫెక్ట్స్ ఆఫ్ హుద్‌హుద్'. దాని చుట్టూ సున్నా లేదు. ముందు 'ది', వెనక 'ఆఫ్'. ఓ క్షణం దానికేసి చూసి, "అయ్యో, దీన్ని ఎవరూ చుట్టలేదు బాబాయ్" అంటూ తనే ఎర్ర పెన్ను అడిగింది.