శాతం వేరు, శాతం పాయింటు వేరు

2023లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రాసినవారిలో 86.60 శాతం మంది పాసయ్యారు. 2024లో ఉత్తీర్ణత 91.31 శాతానికి చేరింది. రెండేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన నిర్మల్‌దే. రాష్ట్ర ఉత్తీర్ణత ఎంత పెరిగిందని అడిగితే ఎక్కువమంది 91.31లోంచి 86.60 తీసేసి, 4.71 శాతం పెరిగిందంటారు. తీసివేత సరైనదే. దాని పక్కన పెట్టిన ‘శాతం’ అన్న మాటే తప్పు.

కిలో బియ్యం 50 రూపాయలుండి 10 శాతం పెరిగితే 55 అవుతుంది. అంటే ‘ఇంత శాతం పెరిగింది’ అన్నప్పుడు పాత విలువలో ఆ శాతం కట్టి, పాతదానికి కలపాలి. అదే పద్ధతిలో 86.60కి 4.71 శాతం కలిపితే వచ్చేది 90.68 మాత్రమే. అసలు ఫలితం 91.31. రెండు శాతాల మధ్య తేడాను నేరుగా చెప్పాలంటే ‘4.71 శాతం పాయింట్లు పెరిగింది’ అనాలి.

తలల లెక్కలో చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. వెయ్యిమంది పరీక్ష రాశారనుకుందాం. 2023 లెక్కన 866 మంది పాస్, 134 మంది ఫెయిల్. 2024 లెక్కన 913 మంది పాస్, 87 మంది ఫెయిల్. మారింది 47 మంది రాతే. ఆ 47ను పాసైన 866తో పోలిస్తే ఉత్తీర్ణత సుమారు 5.4 శాతం పెరిగినట్టు. ఫెయిలైన 134తో పోలిస్తే ఫెయిలయ్యేవారు సుమారు 35 శాతం తగ్గినట్టు. 4.71 పాయింట్లు, 5.4 శాతం, 35 శాతం: మూడూ నిజమే, మూడూ ఆ 47 మంది గురించే. గొప్పగా చెప్పుకోదలచినవారు 35ను ఎత్తుకుంటారు, తక్కువ చేయదలచినవారు 4.71 దగ్గర ఆగుతారు. అందుకే దేనితో పోల్చారో చెప్పని శాతాన్ని నమ్మకూడదు.

పాయింట్లకూ ఒక పరిమితి ఉంది. నిర్మల్ ఉత్తీర్ణత 2024లో 99 నుంచి 99.05కు, అంటే 0.05 పాయింటు పెరిగింది. చివరి స్థానంలో ఉన్న వికారాబాద్ 59.46 నుంచి 65.10కి, అంటే 5.64 పాయింట్లు పెరిగింది. దీన్నిబట్టి నిర్మల్ బడులు వెనకబడ్డాయని అనలేం. 99 దగ్గరున్న జిల్లాకు పైన మిగిలింది ఒక్క పాయింటే కదా.

శాతాన్నీ పాయింటునూ కలిపేస్తే పరీక్షల్లో పోయేది మాట ఒక్కటే. అప్పుల్లో డబ్బే పోతుంది. పత్తి రైతు బ్యాంకులో తీసుకునే పంట రుణానికి, ఒక పరిమితి వరకు, కేంద్రం వడ్డీ రాయితీతో ఏడాదికి 7 శాతం వడ్డీ పడుతుంది. గడువులోగా కడితే మరో ‘3 శాతం’ రాయితీ ఉంటుంది. లక్ష రూపాయలు ఏడాదిపాటు వాడుకుంటే 7 శాతం లెక్కన వడ్డీ 7,000. ‘3 శాతం రాయితీ’ని ఆ 7,000లో మూడు శాతమని అర్థం చేసుకున్న రైతు తనకు తగ్గేది 210 రూపాయలే అనుకుంటాడు. ఆ మాత్రానికి గడువులోగా కట్టాలని తొందరపడడు. నిజానికి తగ్గేవి 3 పాయింట్లు. 7 శాతం 4 శాతమవుతుంది, వడ్డీ 4,000కు దిగుతుంది, 3,000 మిగులుతుంది. అంటే కట్టాల్సిన వడ్డీలో సుమారు 43 శాతం తగ్గినట్టు.

ఈ గందరగోళం ఉండకూడదనే బ్యాంకులు బేసిస్ పాయింట్లలో మాట్లాడతాయి. వంద బేసిస్ పాయింట్లు ఒక శాతం పాయింటు. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 25 బేసిస్ పాయింట్లు తగ్గించిందంటే, 6.50 నుంచి 6.25కు దించిందని ఒకే అర్థం వస్తుంది.

ఊళ్లో ప్రైవేటు అప్పుల దగ్గర ఇంకో మెలిక ఉంది. అక్కడ వడ్డీ నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయల వడ్డీని మూడు రూపాయలు చేసిన షావుకారు ‘ఒక్క శాతమే కదా పెంచింది’ అంటాడు. అది నెలకు ఒక పాయింటు. ఏడాదికి చూస్తే 24 శాతం 36 శాతమైంది, అంటే 12 పాయింట్ల పెంపు. లక్షకు 24,000 కట్టేవాడు ఇక 36,000 కట్టాలి. వడ్డీ భారం 50 శాతం పెరిగింది.

కాబట్టి ఎవరైనా ‘ఇంత శాతం పెరిగింది’ అంటే ఎంత నుంచి ఎంతకు అని అడగండి. వడ్డీ అయితే నెలకా, ఏడాదికా అని కూడా అడగండి. రెండు అంకెలూ చేతికొచ్చాక పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. వాళ్లు చెప్పిన అంకె సరిగ్గా అదే అయితే అవి పాయింట్లు. కాకపోతే ఆ తేడాను పాత అంకెతో భాగించి వందతో గుణించండి. అలా వచ్చేదే శాతంలో మార్పు. చెప్పిన అంకె ఈ రెండింటిలో దేనికీ సరిపోకపోతే, పోల్చింది దేనితోనో చెప్పమని అడగాలి.