ఎన్‌వోసీ రెడీ, అర్జెంట్ సేల్

మొన్న మా మేనల్లుడు విజయవాడ నుంచి ఒక కారు ప్రకటన పంపాడు. "మామయ్యా, ఒకసారి చూడు. బాగుంటే ఇవాళే ఫోన్ చేస్తాను" అన్నాడు. ఆ ప్రకటన ఇలా ఉంది:

"2017 మోడల్ డీజిల్ సెడాన్. సింగిల్ ఓనర్. 62 వేల కిలోమీటర్లు. షోరూమ్ కండిషన్. బంపర్ మైనర్ టచప్ మాత్రమే. కొత్త సీట్ కవర్లు, కొత్త మ్యాట్లు. ఇన్సూరెన్స్ కరెంట్. ఎన్‌వోసీ రెడీ. ఫారిన్ వెళ్తున్నాం, అర్జెంట్ సేల్. టైంపాస్ కాల్స్ వద్దు."

కింద తొమ్మిది ఫొటోలు. తెల్ల కారు, తళతళలాడుతోంది. ధర మార్కెట్ కంటే నలభై, యాభై వేలు తక్కువ.

వాడిని ఓ అరగంట ఆగమన్నాను. ఒకసారి అమ్మేవాడితో మాట్లాడామంటే మనసు ఆ బండి వైపు మొగ్గుతుంది. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడితే కళ్ళముందున్న లోపం కూడా చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే ప్రకటనను ఫోన్ చేయకముందే చదవాలి.

ముందు నా కళ్ళు ఆగింది "ఎన్‌వోసీ రెడీ" దగ్గర. ఇది రెండు రకాలు. బండి మీద అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చేది ఒకటి. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవచ్చని ఆర్టీవో ఆఫీసు ఇచ్చేది ఇంకొకటి. అప్పు తీరిపోయిందన్న మాటైతే చాలామంది "లోన్ క్లియర్" అనే రాస్తారు. లోన్ ఊసు లేకుండా "ఎన్‌వోసీ రెడీ" అని మాత్రమే ఉంటే అది బయటి రాష్ట్రం బండి కావచ్చని అనుకోవాలి. అలాంటి బండికి ఇక్కడ కొత్తగా లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు తెచ్చుకోవాలి. ప్రకటనలో ధర తక్కువగా కనిపించడానికి ఒక కారణం ఇదే. ఆ ట్యాక్స్ భారం కొనేవాడి మీద పడుతుంది. బండి వయసు, విలువను బట్టి అది ఎంతవుతుందో ఆర్టీవోలో కనుక్కుని ధరకు కలిపితేగాని అసలు రేటు తేలదు.

డీజిల్ బండి, బయటి రాష్ట్రం అనగానే ఢిల్లీ గుర్తుకొస్తుంది. పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తర్వాత ఆ నిబంధన చుట్టూ చాలా వాదనలు నడిచాయి. ఆ భయంతోనే అక్కడివాళ్ళు గడువు దగ్గరపడేలోపు డీజిల్ కార్లు వదిలించుకోవడం అలవాటైంది. వాటిని తక్కువకు కొని దక్షిణాదికి తెచ్చి అమ్మే వ్యాపారులున్నారు. అలా వచ్చిన ప్రతి బండీ చెడ్డదని నేననను. కానీ దాని సర్వీసు చరిత్ర, పాత యజమాని అంతా అక్కడే ఉండిపోతాయి. మనకు కనిపించేది మధ్యలో ఉన్న వ్యాపారి ఒక్కడే.

ఇక 62 వేలు. డీజిల్ కారుకు మొదట్లోనే ఎక్కువ డబ్బు పెట్టాలి. రోజూ చాలా దూరం తిరిగేవాళ్ళకే అది గిట్టుబాటు. ఎనిమిదేళ్ళలో 62 వేలంటే ఏడాదికి ఎనిమిది వేలు కూడా లేదు. అంత తక్కువ తిరిగేవాడు డీజిల్ ఎందుకు కొన్నట్టు? ఇది నేరారోపణ కాదు. ఆ అంకెను నమ్మడానికి ఫొటోల్లో సాక్ష్యం వెతకాలని మాత్రమే దీనికి అర్థం.

మీటరు అంకెను మార్చడం సులువు. పెడల్ రబ్బరును ఎవరూ పట్టించుకోరు. డ్రైవర్ తలుపు తీసి తీసిన ఫొటోను పెద్దది చేసి చూశాం. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు పూర్తిగా అరిగి నున్నగా అయిపోయాయి. స్టీరింగ్ పైభాగం మెరుస్తోంది. గేర్ రాడ్ నాబ్ మీద అంకెలు చెరిగిపోయాయి. 62 వేలకు ఈ మూడూ కలిసి ఇంతగా అరగడం అరుదు. వీటిలో ఒక్కటే కనిపించి ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాను. నగరం ట్రాఫిక్‌లో క్లచ్ మీదే కాలు పెట్టి నడిపేవాళ్ళకు పెడల్ త్వరగానే అరుగుతుంది.

మీటరు ఫొటోలో ఇంకో విషయం ఉంది. ఇంజిన్ వేగం చూపే ముల్లు సున్నా దగ్గరుంది. అంటే తాళం తిప్పారు గాని ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. ఆ స్థితిలో బ్యాటరీ, ఆయిల్ ఎర్ర దీపాలతోపాటు ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం కూడా వెలగాలి. ఈ ఫొటోలో ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి, పసుపు దీపం లేదు. బల్బు కాలిపోయి ఉండొచ్చు. ఇంజిన్‌లో లోపముందని ఎప్పుడూ వెలుగుతూ ఉంటే కనబడకుండా ఎవరైనా తీసేసి ఉండొచ్చు. చాలామంది దీపం వెలిగితేనే భయపడతారు. వెలగాల్సిన చోట వెలగకపోవడం అంతకంటే పెద్ద అనుమానం.

తర్వాత ఒంటి ఫొటోలు. తొమ్మిదింటిలో ముందు కుడివైపు మూల నుంచి మూడు ఉన్నాయి. ఎడమవైపు ఒక్కటీ సూటిగా లేదు. అటువైపు తీసినది దూరం నుంచి, సాయంత్రం చీకటి పడ్డాక తీసింది. పైగా అందులో బండి మీద నీటి చుక్కలున్నాయి. అప్పుడే కడిగిన బండి శుభ్రంగా కనిపిస్తుంది, సొట్టలూ రంగు తేడాలూ నీటి మెరుపులో కలిసిపోతాయి. ఎన్ని ఫొటోలున్నాయన్నది నేను చూడను. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు ఊహించుకుని ఏ వైపు ఖాళీగా మిగిలిందో చూస్తాను. చాలాసార్లు దెబ్బ ఆ వైపే దొరుకుతుంది.

కుడివైపు ఫొటోల్లో ఒకదాంట్లో తలుపుల మీద కరెంటు స్తంభం నీడ అద్దంలోలాగా పడింది. వెనక తలుపు మీద ఆ గీత నిటారుగా ఉంది. ముందు తలుపు మీదికి వచ్చేసరికి వంకర్లు తిరిగింది. రేకు సొట్టపోతే పుట్టీ నింపి, గీకి, రంగు వేస్తారు. చేత్తో గీకిన చోట ఎంత నేర్పరి చేసినా ఉపరితలం కంపెనీ రేకంత సమంగా రాదు. అది కంటికి కనబడకపోయినా దానిమీద పడిన ప్రతిబింబంలో తెలిసిపోతుంది. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండువైపులా ఒకేలా ఉందో లేదో కూడా చూడాలి. ఇక్కడ ఎడమ సందు కుడిదానికంటే వెడల్పుగా అనిపించింది. బంపర్ రంగు కొంచెం తేడాగా ఉంటే మాత్రం కంగారుపడక్కర్లేదు. అది ప్లాస్టిక్, కొత్త బండికి కూడా రేకు రంగుతో అచ్చంగా కలవదు. పైగా మన వీధుల్లో బంపర్‌కు గీతపడని కారు ఎక్కడుంది?

"కొత్త సీట్ కవర్లు, కొత్త మ్యాట్లు" అన్న మాట దగ్గర విజయవాడవాళ్ళు తప్పకుండా ఆగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్ళలో నిలబడ్డాయో అందరం చూశాం. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలదీ అదే పరిస్థితి. నీళ్ళలో నానిన కారు లోపల బట్ట, మ్యాట్లు మార్చి మళ్ళీ అమ్మకానికి పెట్టొచ్చు. కాని సీటు కింద పట్టాల తుప్పును, పూర్తిగా బయటికి లాగితే తప్ప కనబడని సీటుబెల్టు చివర బురద మరకను, హెడ్‌లైట్ లోపల పట్టిన తేమను చాలామంది మర్చిపోతారు. ఈ ప్రకటనలో హెడ్‌లైట్లు తేటగానే ఉన్నాయి, సీటు పట్టాలు ఫొటోలో పడలేదు. మనవాళ్ళు షోరూమ్ నుంచి వచ్చిన రోజే కవర్లు వేయిస్తారు కాబట్టి ఇంతమాత్రానికి వరద బండి అనలేం. దీన్ని అనుమానాల పక్కన రాసిపెట్టుకున్నామంతే.

ఈ ప్రకటనలో అన్నిటికంటే విలువైన ఫొటో చివరిది, ఇన్సూరెన్స్ కాగితం. "కరెంట్" అన్నది నిజమేనని చూపడానికి అతను పెట్టాడు. పేరు, నంబరు వేలితో మూశాడు. కాని ఎన్‌సీబీ గడి తెరిచే ఉంది. అందులో 20 శాతం అని ఉంది.

ఎన్‌సీబీ అంటే ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, రెండేళ్ళకు 25, తర్వాత 35, 45, అయిదేళ్ళకు 50. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్ళీ సున్నాకి పడిపోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ తగ్గింపు బండికి చెందదు, యజమానికి చెందుతుంది. బండి చేతులు మారితే కొత్త యజమాని సున్నా నుంచే మొదలెట్టాలి.

ఇప్పుడు లెక్క చూడండి. 2017లో కొన్న బండిని ఒకే యజమాని క్లెయిమ్ లేకుండా ఎనిమిదేళ్ళు నడిపితే కాగితం మీద 50 ఉండాలి. 20 ఉందంటే, అంతకుముందు ఏడాది ఏదో జరిగి లెక్క సున్నా నుంచి మళ్ళీ మొదలైంది. ఒకే యజమాని అయితే క్లెయిమ్ చేసి ఉండాలి, అప్పుడు "మైనర్ టచప్ మాత్రమే" అన్నది అనుమానమే. క్లెయిమ్ లేకపోతే బండి చేతులు మారి ఉండాలి, అప్పుడు "సింగిల్ ఓనర్" అబద్ధం. రెండూ నిజం కావడానికి దారులు కొన్నే. పాలసీ గడువు దాటి 90 రోజుల్లోపు కట్టకపోయినా ఎన్‌సీబీ పోతుంది. పాత తగ్గింపును కొత్తగా కొన్న ఇంకో కారుకు మార్చుకున్నా పోతుంది. అద్దం పగిలి చిన్న క్లెయిమ్ చేసినా పోవచ్చు. కాబట్టి ఈ అంకె తీర్పు చెప్పదు గాని, అడగాల్సిన ప్రశ్నను సూటిగా మన చేతికి ఇస్తుంది.

నంబరు ప్లేటును అతను అన్ని ఫొటోల్లో మసక చేశాడు, ఒక్కదాంట్లో మర్చిపోయాడు. బానెట్ ఎత్తి ఇంజిన్ చూపిన ఫొటో అడుగున బంపర్ మీద ప్లేటు కనిపిస్తోంది. మొదటి రెండు అక్షరాలు DL. మా మేనల్లుడు ఆ నంబరును mParivahan యాప్‌లో కొట్టాడు. రిజిస్ట్రేషన్ 2017, డీజిల్, ఇన్సూరెన్స్ గడువు కాగితంలో ఉన్నదే. యజమాని వరస మాత్రం మూడు. ఫైనాన్స్ దగ్గర ఒక బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది. అప్పు తీరిపోయినా రికార్డులో కొట్టేయించుకోకపోతే ఇలా మిగిలిపోవచ్చు. కాని అది తొలగించేవరకు బండి మన పేరుకు మారదు.

వాడు కాసేపు ఫోన్ చూస్తూ కూర్చుని, "అయితే ఇతను ఫారిన్ వెళ్తున్నది కూడా అబద్ధమేనా మామయ్యా?" అని అడిగాడు. అది మనకు తెలిసే దారి లేదు, తెలియాల్సిన పనీ లేదన్నాను. ప్రకటన పక్కన పెట్టి, తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. బ్యాంకు తాకట్టు తొలగించిన కాగితం ఉందా? ముగ్గురు యజమానుల్లో ఇతనెన్నోవాడు? 20 శాతానికి ముందు ఏడాది ఏం జరిగింది? తాళం తిప్పి, ఆపై ఇంజిన్ స్టార్ట్ చేసేదాకా మీటరు వీడియో, పగటి వెలుగులో ఎడమవైపు ఫొటో పంపగలడా?

వాడు ఆ నాలుగూ మెసేజ్ చేశాడు. ఫోన్ చేయలేదు. రెండు రోజులకు ఆ ప్రకటన కనబడలేదు. వారం తర్వాత అవే ఫొటోలు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఎనిమిదే ఉన్నాయి. ఇన్సూరెన్స్ కాగితం లేదు.