లారీ కదలక ముందే తేల్చుకోవలసిన లెక్క

గుంటూరులో ఒక మిర్చి వర్తకుడు, చెన్నైలో మరో వర్తకుడు ఉన్నారనుకుందాం. గుంటూరు ఆయన దగ్గర సరుకుంది. చెన్నై ఆయనకు కొనేవాళ్లు తెలుసు, చేతిలో కొంత డబ్బుంది. ఈ ఒక్క లోడు వరకు ఇద్దరం కలిసి చేద్దాం, లాభమొచ్చినా నష్టమొచ్చినా చెరిసగం అనుకున్నారు. దుకాణాలు ఎవరివి వారివే, ఇతర బేరాలూ ఎవరివి వారివే. ఇలా ఒక్క పనికే పరిమితమైన పొత్తును వాణిజ్య శాస్త్రంలో ఉమ్మడి వ్యాపారం అంటారు.

గుంటూరు వర్తకుడు శీతల గిడ్డంగిలోంచి వంద క్వింటాళ్ల మిర్చి తీశాడు. నలభై కిలోల టిక్కీలైతే 250 అవుతాయి. క్వింటాలు 15,000 రూపాయల చొప్పున విలువ కట్టి 15 లక్షలని రాసుకున్నారు. హమాలీ, లారీ కిరాయి, బీమా కలిపి ఆయనే మరో 64,000 పెట్టాడు. చెన్నై వర్తకుడు తన వంతుగా 5 లక్షలు గుంటూరు పంపాడు. సరుకు చేరాక దింపుడు కూలి, గిడ్డంగి అద్దె కింద 40,000 ఖర్చు చేశాడు. అమ్మిపెట్టినందుకు అమ్మకాల మీద రెండు శాతం కమీషన్ ఆయనకు ముట్టాలన్నది ముందే కుదిరిన మాట.

చెన్నైలో కాటా వేస్తే 98 క్వింటాళ్లే తూగింది. తొంభై క్వింటాళ్లు 20,000 చొప్పున అమ్ముడుపోయి 18 లక్షలు వచ్చాయి. రంగు తగ్గిన ఎనిమిది క్వింటాళ్లు మిగిలితే, ఇద్దరూ మాట్లాడుకుని 15,000 చొప్పున చెన్నై వర్తకుడే తన దుకాణానికి తీసుకున్నాడు. దాని విలువ 1,20,000.

ఇప్పుడు లాభమెంత? చెన్నై వర్తకుడు తన పుస్తకం తెరిస్తే వచ్చినవి 18 లక్షలు, పెట్టినవి 5 లక్షల 40 వేలు. గుంటూరు వర్తకుడి పుస్తకంలో పోయినవి 15 లక్షల 64 వేలు, వచ్చినవి 5 లక్షలు. ఏ పుస్తకంలోనూ లాభం కనిపించదు. ఎందుకంటే ఎవరి దగ్గరా ఉన్నది సగం కథే. పొత్తు వ్యాపారాల్లో తగవులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. ఎవరి పుస్తకం వారు చూసుకుని, అదే మొత్తం లెక్క అనుకుంటారు.

అందుకే లాభం తేల్చడానికి రెండు పుస్తకాలకూ బయట ఒక కాగితం కావాలి. దాని పేరు మెమోరాండం ఉమ్మడి వ్యాపార ఖాతా. పేరుకు ఖాతాయే గానీ ఎవరి పద్దుల్లోనూ భాగం కాదు, ఇద్దరి వివరాలూ ఒకచోట చేర్చే లెక్క మాత్రమే. ఒకవైపు ఈ లోడుకైన ఖర్చులు రాస్తారు: సరుకు 15,00,000, గుంటూరు ఖర్చులు 64,000, చెన్నై ఖర్చులు 40,000, కమీషన్ 36,000. మొత్తం 16,40,000. రెండోవైపు అమ్మకాలు 18,00,000, చెన్నై వర్తకుడు తీసుకున్న సరుకు 1,20,000. మొత్తం 19,20,000. తేడా 2,80,000 లాభం. ఒక్కొక్కరికి 1,40,000.

చెన్నై నుంచి వచ్చిన 5 లక్షలు ఈ కాగితంలో ఎక్కడా లేవు. మరచిపోయి వదిలేసింది కాదు. ఆ డబ్బు ఒక భాగస్తుడి జేబులోంచి మరో భాగస్తుడి జేబులోకి మారింది, అంతే. దానివల్ల వ్యాపారానికి ఖర్చూ కాలేదు, రాబడీ రాలేదు. దాన్ని ఖర్చుగా రాస్తే 2,80,000 లాభం కాస్తా 2,20,000 నష్టంగా కనిపిస్తుంది. తరుగుపోయిన రెండు క్వింటాళ్లకూ వేరే పద్దు లేదు. వంద క్వింటాళ్ల ఖరీదూ ఖర్చులో ఉంది, అమ్మకంలో ఉన్నది తూగిన సరుకే. కనుక తరుగు దానంతటదే లాభంలోంచి తగ్గిపోయింది. వానకు తడిసి పాడైతే మాత్రం బీమా నుంచి వచ్చిన పరిహారాన్ని రాబడి వైపు రాయాలి. ఒకరి అజాగ్రత్త వల్ల పోయిందని ఇద్దరూ ఒప్పుకుంటే ఆ విలువను వారి ఖాతాకు ఖర్చు రాయాలి.

ఇక ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి? ఇది లాభం లెక్క కాదు, వేరే లెక్క. ప్రతి వర్తకుడూ తన పుస్తకంలో అవతలివారి పేరుతో ఒకే ఒక ఖాతా నడుపుతాడు. చెన్నై వర్తకుడి చేతికి అందినది, తీసుకున్న సరుకుతో సహా, 19,20,000. అందులో ఆయనకు రావలసినవి పంపిన 5,00,000, ఖర్చులు 40,000, కమీషన్ 36,000, లాభంలో వాటా 1,40,000. ఇవి 7,16,000. మిగిలిన 12,04,000 ఆయన గుంటూరుకు పంపాలి. ఇప్పుడు గుంటూరు పుస్తకం చూడండి. పెట్టినది 15,64,000, లాభం 1,40,000, అందులోంచి ముందే అందిన 5 లక్షలు తీసేస్తే 12,04,000. విడివిడిగా రాసిన రెండు ఖాతాలూ ఒకే అంకె దగ్గర ఆగాయి. ఆగకపోతే ఏదో పద్దు ఒక పుస్తకంలో పడి రెండో పుస్తకంలో పడలేదన్నమాట. డబ్బు చేతులు మారకముందే దాన్ని వెతకాలి.

అయితే రెండు అంకెలూ కలిసినంత మాత్రాన లెక్క న్యాయంగా ఉందని చెప్పలేం. అసలు కిటుకు సరుకు విలువలో ఉంది. గుంటూరు వర్తకుడు ఆ మిర్చిని కొన్ని నెలల ముందు 12,000 చొప్పున కొన్నాడనుకోండి. పొత్తులోకి ఏ ధరకు దించాలి? కొన్న ధరకే అంటే లాభం 5,80,000 అవుతుంది, చెరి 2,90,000. చూడ్డానికి బాగుంది. కానీ అప్పుడు ఆయన చేతికి వచ్చేది 12,04,000 కాదు, 10,54,000. లక్షా యాభై వేలు తగ్గింది. గిడ్డంగిలో నెలల తరబడి దాచి, ధర పడిపోతుందన్న భయం ఒంటరిగా మోసి సంపాదించిన మూడు లక్షల్లో సగం, ఆ భయంలో పాలులేని మనిషికి వెళ్లింది. అందుకే పొత్తులోకి దించిన రోజు మార్కెట్ ధరే సరైనదని నా అభిప్రాయం. మిగిలిన సరుకుకూ ఇదే న్యాయం. ఆ ఎనిమిది క్వింటాళ్లు బయట 17,000 పలికే సరుకైతే, 15,000కు తీసుకున్నవాడు పొత్తు సొమ్ములో 16,000 కాజేసినట్టే. అందులో సగం అవతలివాడిది.

ఇద్దరూ కలిసి, ఒకరి తరఫున ఒకరు నడుపుతూ లాభం పంచుకుంటే అది చట్టం దృష్టిలో భాగస్వామ్యం కావచ్చు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలో 8వ సెక్షన్ ఒకే పని కోసం పెట్టుకున్న పొత్తును గుర్తిస్తుంది. 13వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం లేనప్పుడు లాభనష్టాలు సమానం. ఒకరు పదిహేను లక్షలు పెట్టినా, మరొకరు ఐదు పెట్టినా అంతే. ఒప్పందంలో లేకుండా శ్రమకు ప్రతిఫలం రాదు, పెట్టుబడికి వడ్డీ రాదు. మన ఉదాహరణలో కమీషన్ మాట ముందే కుదరకపోయి ఉంటే చెన్నై వర్తకుడు ఆ 36,000 అడగలేకపోయేవాడు.

కాబట్టి సరుకు ధర, వాటాలు, కమీషన్, వడ్డీ, మిగిలిన సరుకును తీసుకునే పద్ధతి, ఈ ఐదూ లారీ కదలక ముందే ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. వేరే ఒప్పందం లేకపోతే అనుకున్న పని పూర్తయిన రోజే ఇలాంటి పొత్తు రద్దవుతుంది. లెక్క తేల్చమని, వాటా ఇప్పించమని కోర్టుకు వెళ్లడానికి ఆ రోజు నుంచి ఉండే గడువు మూడేళ్లు.