యూఏ అంటే ‘ఏం గాదు’ అని కాదు

పోయిన దసరకు మా అక్క పిల్లగాన్ని తీసుకొని ఇంటికొచ్చింది. మా అల్లునికి తొమ్మిదేండ్లు. మా అన్న బిడ్డకు పదకొండు. పండుగ తెల్లారి టీవీల ఓ దయ్యం సినిమా పెట్టుకుంటమన్నరు. అక్క నన్నే అడిగింది: “తమ్మీ, గిది పిల్లలు జూడొచ్చా?” ఇంట్ల ఫోన్లు, టీవీల సంగతి ఏదైనా నా మీదికే వస్తది. తెర మూలకు యూఏ 13+ అని ఉన్నది. నేను ఫోన్ల నుంచి తల గూడ ఎత్తకుండ “యూఏనే గదక్కా, ఏం గాదు” అన్న.

అన్న బిడ్డ సినిమా అంత నవ్వుకుంట చూసింది. అల్లుడు మాత్రం సప్పుడు జెయ్యలే. ఆ రాత్రి నుంచి వాడు ఒంటికి పోవుడు బందు పెట్టిండు. మా బాత్రూం ఇంటెన్క పెరట్ల ఉంటది. చీకటైతే అటు దిక్కు చూడనే చూడడు. మూడోనాడు పక్కల పోసుకున్నడు. అక్క నన్ను తిట్టలే, “నువ్వు చెప్తెనే పెట్టిన గద తమ్మీ” అన్నది. తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

అప్పుడు కూసొని చదివిన, ఆ యూఏ అంటే అసలేందని.

మన సినిమాలకు సెన్సార్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్లు నాలుగు. యూ అంటే అందరు జూడొచ్చు. ఏ అంటే పద్దెనిమిదేండ్లు నిండినోళ్లకే. ఎస్ అంటే డాక్టర్ల వంటి ప్రత్యేక వర్గాలకు, అది మనకు కనవడుడే తక్కువ. నడుమ మిగిలింది యూఏ. దాని అర్థం “పిల్లలు జూడొచ్చు” అని కాదు, “చూపెట్టాల్నో వద్దో తల్లిదండ్రులే తేల్చుకోవాలె” అని. అంటే బోర్డు మనకు జవాబు చెప్తలేదు, ప్రశ్నను మన చేతుల పెడ్తున్నది. నేను ఆ ప్రశ్ననే జవాబు అనుకున్న.

ఇదివరకు యూఏ ఒక్కటే ఉండె. ఇంటిల్లిపాది చూసే సినిమాకు అదే ముద్ర, తలలు తెగే ఫైటింగ్ సినిమాకు అదే ముద్ర. 2023ల చట్టం మార్చి, 2024ల కొత్త నిబంధనలు తెచ్చి దాన్ని మూడు తీర్ల చేసిన్రు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. అందుకే పాత సినిమాల మీద ఉత్త యూఏ అని కనవడ్తే దాన్ని బట్టి ఏం తెల్వది. ఇంకో ముచ్చట, ఏ సినిమాకు పిల్లల్ని తీస్కపోతే టాకీసోళ్లు గేటు కాడ ఆపాలె. యూఏ 16+కు పదేండ్ల పిల్లగాన్ని తీస్కపోతే ఎవ్వలు ఆపరు. అక్కడ గేటు కాడ నిలవడ్డది మనమే.

ఓటీటీల పద్ధతి వేరే. 2021ల వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఆ కంపెనీయే తన సినిమాలకు, సిరీస్‌లకు వయసు పెడ్తది. అయితే దాంట్ల ఒక మేలున్నది. వయసు పక్కపొంటి కారణం గూడ రాయాలె: హింస, భయం, బూతులు, మత్తు పదార్థాలు అని. మొదలైనప్పుడు కొన్ని సెకన్లు తెర మీద ఉంటది. నేను అంకె చూసిన గని, పక్కపొంటి ఉన్న ‘భయం’ అనే మాట సూడలే. మా అల్లుని సంగతికి అంకె కంటే ఆ మాటనే ముఖ్యం. వాడు ఫైటింగులు ఎన్ని చూసినా మంచిగ నిద్రపోతడు. కని చీకటి, ఒక్కన్నే ఉండుడు, ఈ రెండు వానికి చిన్నప్పటి సంది భయం. ఆ సినిమా అంత అవ్వే.

మరి అన్న బిడ్డ ధైర్యస్తురాలు, ఏదైనా చూపెట్టొచ్చు అనుకుంటిమి. అది గూడ తప్పే. దీపావళికి ‘బలగం’ పెట్టినం. అండ్ల నెత్తుర్లేదు, బూతు సీన్లు లేవు, మన ఊరి కథ. కని మా నాయిన పోయి అప్పటికి నాలుగు నెలలే. సినిమాల పిట్ట ముట్టని కాడికి రాంగనే పిల్ల నా చెయ్యి పట్టుకున్నది. “కాకా, తాతకు పెట్టిన్నాడు గూడ పిట్ట మస్తు సేపు రాలే గద, తాతకు మన మీద కోపముండెనా?” అని అడిగింది. దయ్యాన్ని చూసి నవ్విన పిల్ల. సినిమా ఆపి, తాత ముచ్చట్లు చెప్పుకున్నం. మిగిలింది తెల్లారి చూసినం. ఆ పిల్లకు ఆ సినిమా చూపెట్టుడు తప్పని నేననను. కని పక్కన ఎవ్వలు లేకుండ చూసి ఉంటే ఆ ప్రశ్న మనసులనే ఉండిపోవు.

గందుకే ఇప్పుడు అక్క ఫోన్ చేసి అడిగితే నేను ముందు సర్టిఫికెట్, దాని పక్క కారణం చూస్త. తర్వాత పిల్లగాని గురించి ఆలోచిస్త: వాడు దేనికి భయపడ్తడు? చూసింది ఉత్తదని వానికి సమజైతదా? చూసినదాన్ని తెల్లారి తమ్ముని మీద చేసి చూస్తడా? ఈ మధ్య ఇంట్ల చావో, లొల్లో, దావఖాన ముచ్చటో అయిందా? అనుమానముంటే ట్రైలర్‌తోని ఆగను, సినిమా నేనొక్కన్నే ముందుగాల చూస్త. చూపెట్టినంక రెండు మూడు రోజులు గమనించాలె. నిద్రల ఉలిక్కిపడుడు, ఒక్కడే పోనంటుడు, అన్నం తినకుంటుడు కనవడ్తే అది వానికి ఎక్కువైందన్నట్టే. “నీకేం భయంరా” అని నవ్వితే ఇంకోసారి చెప్పుకోడు.

గేముల కాడ ఇంకో తిరకాసున్నది. ప్లే స్టోర్ల 3+, 7+, 12+, 16+, 18+ అని ఉంటయి. గేము తయారు చేసినోళ్లు ఒక ప్రశ్నల పత్రం నింపుతరు: కాల్చుడున్నదా, నెత్తురు కనవడ్తదా, జూదమున్నదా అని. ఆ జవాబులను బట్టే అంకె వస్తది. అంటే ఆ అంకె గేముల ఉన్న బొమ్మల సంగతి చెప్తది, అవతల ఆడేటోడు మైకుల ఏం మాట్లాడ్తడో చెప్పది. మా అల్లుడు ఆడేది 12+ తుపాకుల గేము. ఒకనాడు వాని ఇయర్‌ఫోన్ గుంజి నేను పెట్టుకున్న. ఎవడో పెద్దమనిషి గొంతుతోని అమ్మనక్కల బూతులు. అంకె తప్పు కాదు, అది కొలిచేది వేరే.

ఆ సంగతి పట్టుకునే తొవ్వ గూడ అదే పేజీల ఉన్నది. రేటింగ్ దగ్గర `Users Interact` అని ఉంటే తెల్వనోళ్లతోని మాట్లాడుడు ఉంటదని, `In-app purchases` అని ఉంటే పైసలు పెట్టి కొనుడు ఉంటదని అర్థం. అల్లుని గేముల మైకు, చాటు సెట్టింగుల బందు పెట్టిన. ప్లే స్టోర్ల ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేటట్టు చేసిన. పేరెంటల్ కంట్రోల్స్‌కు పిన్ పెట్టిన, అది మా బావకు తప్ప ఎవ్వలకు తెల్వది. కని అది కొత్తగ దించుకునేటియి ఆపుతది, ఇదివరకే ఫోన్ల ఉన్న గేమును తీసెయ్యది. బయట నుంచి ఏపీకే వేసుకున్నా అది ఆపలేదు. గందుకే ఫోన్ల ఏమేమున్నయో వారానికోసారి వాన్ని పక్కన కూసోబెట్టుకొనే చూస్తున్న.

మొన్న అల్లుడే ఫోన్ చేసిండు. “మామా, కొత్త సినిమా వచ్చిందట, యూఏ 13+ అట, నేను జూడొచ్చా?” అన్నడు. “దయ్యముందారా?” అన్న. కొద్దిసేపు ఆగి “కొంచెం” అన్నడు. “మరి నువ్వేమంటవ్?” అన్న. “నువ్వొచ్చినంక జూస్త తీ మామా” అన్నడు.