రిపోర్టులో ‘కోర్స్ ఎకోటెక్స్చర్’ అని ఉందా?

కంచన్‌బాగ్‌లో ఒవైసీ, అపోలో డీఆర్‌డీఓ వంటి ఆసుపత్రులున్నాయి. చుట్టుపక్కల స్కాన్ సెంటర్లూ ఉన్నాయి. ఎక్కడ తీయించుకున్నా పొట్ట స్కాన్ రిపోర్టు ఇంగ్లిష్‌లోనే వస్తుంది. సాయంత్రం అది చేతికొచ్చి, డాక్టర్ అపాయింట్‌మెంట్ మర్నాడైతే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు.

యాభై ఏళ్ల వ్యక్తి రిపోర్టులో ఇలా ఉందనుకుందాం: ‘హెపటోమెగాలీ, 16.8 సెం.మీ., కోర్స్ ఎకోటెక్స్చర్, మినిమల్ ఫ్రీ ఫ్లూయిడ్’.

హెపటోమెగాలీ అంటే లివర్ పెరిగిందని. పైనుంచి కిందికి కొలిస్తే మామూలుగా 15–16 సెంటీమీటర్లలోపు ఉంటుంది. పొడగరుల్లో కొంచెం ఎక్కువుండొచ్చు. కొలిచే తీరును బట్టి సెంటీమీటరు తేడా రావడమూ మామూలే. కొవ్వు చేరడం దీనికి తరచూ కనిపించే కారణం. ఈ ఒక్క మాటే ఉంటే అంత కంగారు అక్కర్లేదు.

ఇక కోర్స్ ఎకోటెక్స్చర్. ఆరోగ్యంగా ఉన్న లివర్ తెరమీద సన్నరవ్వ పరిచినట్టు ఒకే తీరుగా కనిపిస్తుంది. అది బొంబాయి రవ్వలా గరుగ్గా కనిపిస్తే ఈ మాట రాస్తారు. లివర్‌లో మచ్చకణజాలం ఏర్పడుతోందేమోనన్న అనుమానమే ఇది, సిరోసిస్ అని తీర్పు కాదు. కంటితో చూసి చెప్పేది కాబట్టి లావుగా ఉన్నవారిలో పొరబాటుకూ అవకాశముంది. అందుకే అదే కాగితంలో మరికొన్ని వెతకాలి. లివర్ అంచు ‘నాడ్యులర్’ అని ఉందా? ప్లీహం 13 సెం.మీ. దాటిందా? పోర్టల్ వెయిన్ 13 మి.మీ. మించిందా? రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గాయా? ఇవి కూడితే అనుమానం బలపడుతుంది. హెపటైటిస్ బి, సి పరీక్షలు, లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ తర్వాతి మెట్లు.

అసలు పట్టించుకోవాల్సింది ఫ్రీ ఫ్లూయిడ్‌ని. అంటే అవయవాల మధ్య పేరుకున్న నీరు. నెలసరి వచ్చే వయసు మహిళల్లో పొత్తికడుపు కింద కొద్దిగా ఉండటం సహజమే. డెంగీ జ్వరంలో కనిపిస్తే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారుతోందని హెచ్చరిక. కానీ మన ఉదాహరణలో గరుకు లివర్ పక్కన నీరు ఉంది. ‘మినిమల్’ అన్నారు కదా అని వదిలేయడానికి లేదు.

వీలైనంత నీరుంటే సూదితో కొంచెం తీసి పరీక్షిస్తారు. రక్తంలోని ఆల్బుమిన్‌కీ నీటిలోని ఆల్బుమిన్‌కీ తేడా డెసిలీటరుకు 1.1 గ్రాములు, ఆపైన ఉంటే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిందని అర్థం. సిరోసిస్‌లో కనిపించేది ఇదే. తేడా తక్కువైతే టీబీ, క్యాన్సర్ వంటివాటిని వెతుకుతారు. ఆ నీటిలో న్యూట్రోఫిల్ కణాలు మిల్లీలీటరులో వెయ్యో వంతుకు 250 దాటితే ఇన్‌ఫెక్షన్‌గా భావించి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

డాక్టర్‌ను కలిసేదాకా మద్యం ముట్టొద్దు. ఒంటినొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఇలాంటి లివర్ ఉన్నవారిలో అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. జ్వరంతో కడుపునొప్పి, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి మలం, మాట తడబడటం, మగత... వీటిలో ఏది కనిపించినా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. పాత స్కాన్ రిపోర్టులుంటే వెంట తీసుకెళ్లండి. నీరు కొత్తదా, పాతదా అన్నది వాటిని బట్టే తెలుస్తుంది.