ఒక స్లయిడ్, ఒకే మాట

స్టార్టప్ పిచ్ డెక్‌లో ఒక్కో స్లయిడ్‌కు ఉన్న పని చిన్నదే. చూసినవాళ్లకు ఒక విషయం తెలియాలి, అది నమ్మదగినదిగా అనిపించాలి. చాలా డెక్‌లలో ఈ పని జరగదు. కారణం సమాచారం తక్కువై కాదు. ఒకే స్లయిడ్ మీద నాలుగైదు విషయాలు పోటీపడి, ఏ ఒక్కటీ గుర్తుండకుండా పోతుంది. పెట్టుబడిదారు తీరిగ్గా కూర్చుని చదువుతాడనుకోవడానికీ వీల్లేదు. డెక్‌లను పంపడానికి వాడే డాక్‌సెండ్ సంస్థ హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ టామ్ ఐసెన్‌మన్‌తో కలిసి 2015లో వెలువరించిన పరిశీలన ప్రకారం, ఒక డెక్ మీద ఇన్వెస్టర్లు గడిపిన సగటు సమయం 3 నిమిషాల 44 సెకన్లు. పదిహేను స్లయిడ్లుంటే ఒక్కోదానికి దక్కేది పావు నిమిషం. ఆ పావు నిమిషంలో ఆరు బులెట్ పాయింట్లు చదివి, వాటిలో ముఖ్యమైనదేదో ఏరుకునే పని ఎవరూ పెట్టుకోరు.

కుదింపు అనగానే పదాలు కొట్టేయడమే అనుకుంటారు. పదాలు తగ్గించినంత మాత్రాన స్లయిడ్ బిగువుగా రాదు. ఆరు పొడుగు వాక్యాలను ఆరు పొట్టి ముక్కలు చేస్తే మిగిలేది ఆరు విషయాలే, పైగా ఇప్పుడు అవి అర్థం కూడా కావు. మొదట తేల్చుకోవలసింది ఆ స్లయిడ్ ఏం చెబుతోందన్నది. అది పూర్తి వాక్యంగా, క్రియతో సహా రాయగలిగినప్పుడే తేలినట్టు. ‘సమస్య’, ‘మార్కెట్’, ‘ట్రాక్షన్’ అనేవి వాక్యాలు కావు, అరల మీద అంటించే చీటీలు. సెకోయా క్యాపిటల్ ప్రచారంలోకి తెచ్చిన నమూనాలో సమస్య, పరిష్కారం, ఇప్పుడే ఎందుకు, మార్కెట్ పరిమాణం, పోటీ, బృందం వంటి విభాగాలుంటాయి. అవి ఫౌండర్ తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలు. స్లయిడ్ శీర్షికగా రావలసింది ఆ ప్రశ్నకు జవాబు. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ ఆలీ శాస్త్రవేత్తల ప్రసంగాల కోసం చాలాకాలంగా బోధిస్తున్న పద్ధతీ ఇదే: పైన ఒక పూర్తి వాక్యం, కింద దానికి కంటికి కనిపించే రుజువు.

ఒక ఉదాహరణ మీద ఇది ఎలా సాగుతుందో చూడవచ్చు. భీమవరం పరిసరాల్లో రొయ్యల రైతులకు ఒక పరికరం అమ్మే చిన్న కంపెనీని ఊహించుకుందాం. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, రైతులు డీఓ అని పిలిచేదాన్ని, ఆ పరికరం ఇరవై నాలుగు గంటలూ కొలుస్తుంది. ప్రమాదకర స్థాయికి పడిపోయేలోపు రైతు ఫోన్ మోగిస్తుంది, ఏరేటర్లను దానంతటదే ఆన్ చేస్తుంది. కంపెనీ తొలి డెక్‌లో రెండో స్లయిడ్ ఇలా ఉందనుకుందాం. శీర్షిక: ‘సమస్య’. కింద ఆరు పాయింట్లు:

• ఆక్వా రంగం వేగంగా పెరుగుతోంది
• రాత్రివేళ డీఓ పడిపోయి రొయ్యలు చనిపోతున్నాయి
• రైతులు చేతి మీటరుతో రోజుకు రెండుసార్లే కొలుస్తున్నారు
• మేత, కరెంటు ఖర్చులు పెరిగాయి
• ఎగుమతి ధరలకు నిలకడ లేదు
• విదేశీ సెన్సర్లు ఖరీదు, రిపేరుకు మనుషులు దొరకరు

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఇబ్బంది కూడా అక్కడే ఉంది. నిజమైన వాక్యాన్ని కొట్టేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. అందుకే ప్రతి పాయింటునూ ‘ఇది నిజమేనా’ అని కాక, ‘ఈ కంపెనీ తీర్చే సమస్యను ఇది రుజువు చేస్తోందా’ అని అడగాలి. రంగం పెరుగుతోందన్నది సమస్యే కాదు, మార్కెట్ స్లయిడ్‌కు చెందిన మాట. ఎగుమతి ధరలు సమస్యే, కానీ ఈ పరికరం వాటిని తీర్చలేదు. అది డెక్‌లో ఎక్కడ కనిపించినా ‘మరి దీనికి మీరేం చేస్తారు’ అనే అనవసర ప్రశ్నకు తలుపు తీస్తుంది కాబట్టి పూర్తిగా తీసేయాలి. విదేశీ సెన్సర్ల సంగతి పోటీ స్లయిడ్‌కు వెళ్తుంది. మేత ఖర్చుతో పరికరానికి సంబంధం లేదు. కరెంటు ఖర్చు మాత్రం కాస్త చిక్కుముడి. అవసరమైనప్పుడే ఏరేటర్లు తిరిగితే కరెంటు ఆదా అవుతుంది నిజమే. అయితే అది రెండో ప్రయోజనం. రొయ్యలు బతకడం, బిల్లు తగ్గడం రెండూ ఒకే స్లయిడ్‌లో చెబితే కంపెనీ అమ్మేది బీమానా, పొదుపా అన్నది తేలదు. ఫౌండర్లు ఎక్కువగా వాదులాడుకునేది ఇలాంటి చోటే. ఆ వాదన నిజానికి స్లయిడ్ గురించి కాదు, వ్యాపారం గురించి.

మిగిలినవి రెండో, మూడో పాయింట్లు. ఇవి చూడ్డానికి రెండు విషయాలుగా కనిపించినా కలిపి చెప్పేది ఒక్కటే. పగలు నీటిలోని నాచు సూర్యరశ్మితో ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే పదార్థం అన్నీ కలిసి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అందువల్ల డీఓ మధ్యాహ్నం తర్వాత గరిష్ఠానికి చేరి, తెల్లవారే ముందు అడుగంటుతుంది. మీటరు పట్టుకుని మనిషి చెరువు గట్టు మీదికి వచ్చే వేళ అది కాదు. కాబట్టి శీర్షిక ఇలా మారుతుంది: ‘డీఓ అడుగంటే వేళకే చెరువు దగ్గర కొలిచేవారు ఉండరు’.

కింద పాయింట్లు ఉండవు, ఒక గ్రాఫ్ ఉంటుంది. ఒక చెరువులో ఒక రోజు పొడవునా డీఓ ఎలా మారిందో చూపే గీత, లీటరుకు 4 మిల్లీగ్రాముల దగ్గర అడ్డంగా ఒక హెచ్చరిక గీత, రైతు కొలిచిన రెండు వేళల్లో, అంటే ఉదయం 9కీ సాయంత్రం 5కీ, రెండు చుక్కలు. రెండు చుక్కలూ హెచ్చరిక గీతకు పైనే ఉంటాయి. తెల్లవారుజామున పెద్ద గీత దానికి కిందికి దిగుతుంది. చుక్కలు చూసినవారికి రైతు ఎందుకు మోసపోతున్నాడో వివరించనక్కర్లేదు. గ్రాఫ్ కింద చిన్న అక్షరాల్లో చెరువు ఏ మండలంలోది, ఏ తేదీ కొలతలు అన్నది ఒక వరుస. ఈ వరుసను మాత్రం కుదింపు పేరుతో తీసేయకూడదు. అది లేకపోతే గీత ఎవరో చేత్తో గీసిన బొమ్మలా కనిపిస్తుంది.

ట్రాక్షన్ స్లయిడ్‌లో తప్పు ఇంకో రకంగా జరుగుతుంది. ‘30 చెరువుల్లో పైలట్, 2 అవార్డులు, 3 ఎంఓయూలు, ఇన్‌క్యుబేటర్‌లో చోటు, 4.8 రేటింగ్’ అని పెట్టెల్లో పెద్ద అంకెలు పేర్చుతారు. ఐదు అంకెల్లో నాలుగు ఇతరులు మెచ్చుకున్నారని చెబుతున్నాయి, కొన్నారని కాదు. ఇదే కంపెనీ దగ్గర అంతకంటే గట్టి సంగతి ఉండి, ఎక్సెల్ షీటులో దాగి ఉండవచ్చు: ‘మొదటి కల్చర్ ఉచితంగా వాడిన 18 మంది రైతుల్లో 11 మంది రెండో కల్చర్‌కు డబ్బు కట్టారు’. ఇదే శీర్షిక కావాలి. దీన్ని మరింత పొట్టిగా ‘61 శాతం రైతులు కొనసాగారు’ అని రాయాలనిపిస్తుంది, రాయకూడదు. పద్దెనిమిది మందిని శాతంలో దాస్తే మొదటి ప్రశ్నకే గుట్టు బయటపడుతుంది, ఆ తర్వాత ప్రతి అంకెనూ అనుమానంతోనే చూస్తారు. కట్టని ఏడుగురి కారణాలు ఈ స్లయిడ్‌లోకి రావు. అయితే అడగడం ఖాయం కాబట్టి అనుబంధంలో ఒక స్లయిడ్ సిద్ధంగా ఉండాలి. కొలత, తేదీ, ఎంతమందిలో ఎంతమంది అన్నవి కుదింపుకు అందని భాగాలు. విశేషణాలు, నేపథ్యం, ముందుమాట ఎంతైనా తగ్గించవచ్చు.

స్లయిడ్లు విడివిడిగా చక్కబడ్డాక శీర్షికలను మాత్రమే ఒక కాగితం మీద వరుసగా రాసి చదవడం ఒక మంచి పరీక్ష. ‘డీఓ అడుగంటే వేళకే చెరువు దగ్గర కొలిచేవారు ఉండరు. మా పరికరం ప్రతి పది నిమిషాలకూ కొలిచి రైతు ఫోన్‌కు పంపుతుంది. 18 మందిలో 11 మంది డబ్బు కట్టారు.’ ఇలా చదివితే మధ్యలో ఒక మెట్టు లేదని వెంటనే తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి నిద్రపోతున్న రైతుకు సందేశం వస్తే రొయ్యలు ఎలా బతుకుతాయి? ఏరేటర్లు వాటంతటవే ఆన్ అవుతాయన్న అసలు మాట ఏ శీర్షికలోనూ లేదు. పాత డెక్‌లో అది ఉత్పత్తి స్లయిడ్‌లో ఐదో పాయింటుగా ఉండి, ఎవరి కంటా పడలేదు. దానికి ఇప్పుడు సొంత స్లయిడ్ దక్కుతుంది.

దీంతో స్లయిడ్ల సంఖ్య పెరుగుతుందన్న భయం ఒకటి ఉంది. గై కవాసాకీ చెప్పిన 10/20/30 నియమం చాలామందికి కంఠతా వచ్చు: పది స్లయిడ్లు, ఇరవై నిమిషాలు, ముప్పై పాయింట్ల అక్షరం. ఇందులో మూడో అంకె చాలా పనికొస్తుంది. అక్షరం అంత పెద్దదైతే స్లయిడ్‌లో రెండో విషయానికి చోటే ఉండదు. మొదటి అంకెను మాత్రం పట్టుకుని వేలాడితే, పది దాటకూడదని రెండు స్లయిడ్ల సరుకును ఒకదాంట్లో కుక్కడం మొదలవుతుంది. పదమూడు తేలిక స్లయిడ్లు పది బరువైన వాటికంటే త్వరగా సాగుతాయి. అయితే ఇరవై దాటితే లెక్క వేరు. అప్పుడు తగ్గించవలసింది విషయాలనే. సగం అనుబంధంలోకి వెళ్లాలి.

గదిలో నిలబడి చూపే డెక్‌కూ, ముందుగా మెయిల్‌లో పంపే డెక్‌కూ తేడా ఉంది. చూపే డెక్‌లో గ్రాఫ్ పక్కన మాటలు అవసరం లేదు, మాట్లాడే మనిషి ఉన్నాడు. పంపే డెక్‌లో అదే శీర్షిక, అదే గ్రాఫ్ ఉంటాయి కానీ చుక్కలంటే ఏమిటో, హెచ్చరిక గీత ఎందుకు అక్కడుందో రెండు పొట్టి వాక్యాలు కావాలి. చాలామంది ఒకే ఫైలుతో రెండు పనులూ జరిపించాలని చూసి, చూపేటప్పుడు చదివిస్తారు, పంపినప్పుడు అర్థం కానివ్వరు. శీర్షికలు రెండింట్లోనూ ఒకటే ఉంచి, కింది భాగాన్ని మాత్రం మార్చి రెండు ఫైళ్లు చేసుకోవడం పెద్ద పని కాదు.

కుదింపు సరిగ్గా జరిగిందో లేదో రాసినవారికి తెలియదు, వారికి అన్నీ ముందే తెలుసు కాబట్టి. ఆక్వాతో సంబంధం లేని ఒక మనిషికి స్లయిడ్‌ను ఐదారు సెకన్లు చూపించి, మూసేసి, ఏం అర్థమైందో చెప్పమనాలి. శీర్షికలోని మాటను తన సొంత మాటల్లో చెబితే స్లయిడ్ నిలిచింది. ‘ఏదో రొయ్యల గురించి’ అంటే శీర్షిక ఇంకా చీటీగానే ఉంది. గ్రాఫ్‌లోని రంగుల గురించో, మూలనున్న లోగో గురించో చెబితే తీసేయవలసింది ఇంకా మిగిలి ఉంది. అసలు మీటింగుల్లో వచ్చే ప్రశ్నలూ ఇదే పని చేస్తాయి. ‘ఇంతకీ మీరు అమ్మేది ఏమిటి’ అన్న ప్రశ్న ఆరో స్లయిడ్ దగ్గర వచ్చిందంటే తప్పు ఆరో స్లయిడ్‌లో లేదు, రెండోదాంట్లోనో మూడోదాంట్లోనో ఉంది. ‘ఆ ఏడుగురు ఎందుకు కట్టలేదు’ అని అడిగారంటే ట్రాక్షన్ స్లయిడ్ తన పని చేసింది, అనుబంధం తెరిచే సమయం వచ్చింది.